తాతతో పుస్తకాల ర్యాక్: కింది పలక దగ్గర ఆగిన పని

మే 6

చెక్క వచ్చింది. పరకాల దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు దూలాలు రెండు. కోత మిల్లులో అంగుళం మందాన పలకలు కోయించి, రెండు వైపులా రందా పట్టించి ముప్పావు అంగుళానికి తెచ్చాం. నలభై ఏళ్లకు పైగా కప్పు మోసిన చెక్క కాబట్టి ఎండాల్సినంత ఎండింది. కోతకు ముందు నాయనమ్మ కుట్టుమిషను డబ్బాలోని అయస్కాంతంతో దూలాల పొడవునా వెతికాను. పదకొండు మేకులు దొరికాయి. ఒకటి పూర్తిగా లోపలికి పోయి ఉంది, పైన నల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. టేకులో ఇనుము ఉన్నచోట అట్లా నల్లబడుతుందని తాత చెప్పాడు.

తాత పని మానేసి ఆరేళ్లయింది. దర్వాజాలు, తలుపులు, బడి బెంచీలు చేసిన చేయి ఇప్పుడు ఉలి పట్టుకుంటే వణుకుతుంది. అందుకే ముందే షరతు పెట్టాడు: "నేను పనిముట్టు ముట్ట. కుర్చీల కూసుంట. నువ్వే చెయ్యాలె, నువ్వే విప్పాలె." విప్పడం అనే మాట ఎందుకు వచ్చిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

కొలతలు ఆయనే చెప్పాడు, నేను రాసుకున్నాను. ఎత్తు 48 అంగుళాలు, వెడల్పు బయట నుంచి బయటికి 30, లోతు 10. నిలువు పలకలు రెండు, అడ్డ పలకలు ఐదు. వెడల్పు 36 చేద్దామన్నాను, నా పుస్తకాలకు అది సరిపోతుంది. ఒప్పుకోలేదు. పలక మధ్యలో వంగుతుందన్నాడు. రాత్రి లెక్క వేసి చూశాను. ఒకే మందం పలక మీద పుస్తకాలు వరసగా నింపితే, వంగుడు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లోపలి వెడల్పు 28న్నర నుంచి 34న్నరకు పోతే రెండు రెట్లకు పైనే. తాత ఘాతాలేమీ చెప్పలేదు. "మూడడుగుల అర ఏది సూసినా నడుమల కడుపు దిగే ఉంటది" అన్నాడు, అంతే.

మే 8

అడ్డ పలకలు కోసేటప్పుడు మొదటి తప్పు. బయటి వెడల్పు 30లోంచి రెండు నిలువు పలకల మందం ఒకటిన్నర తీసేస్తే 28న్నర. ఒక పలక అట్లాగే కోసేశాను. కానీ పలక చివర్లు నిలువు పలకల గాడుల్లో దిగాలి కదా. గాడి లోతు రెండు సూతులు, అంటే పావు అంగుళం. రెండు చివర్లకు కలిపి అర అంగుళం ఎక్కువుండాలి, 29 కోయాలి. తాత చూస్తూనే ఉన్నాడు, రంపం సగం దిగేదాకా మాట్లాడలేదు. అప్పుడు "గాడిల ఏం పెడతవ్ బిడ్డా?" అన్నాడు. ఆపలేకపోయాను, అప్పటికే గీత దాటింది. అదృష్టం కొద్దీ చెక్క మిగులుంది.

సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. తాత నోట మిల్లీమీటర్ మాట రాదు. నేను కూడా ఈ డైరీలో సూతుల్లోనే రాస్తున్నాను, ఎందుకంటే టేపు మీద ఇప్పుడు నా కన్ను అటే పోతున్నది.

మే 9, 10

గాడులు. ఇది అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్న పని.

మొదట అసలు గాడులెందుకని అడిగాను. బజార్లో చూసిన ర్యాకుల్లో నిలువు పలకకు లోపలి వైపు చిన్న పట్టీ స్క్రూలతో బిగించి, దాని మీద అర పెడతారు. సులువు. తాత మా పాత సామాన్ల గదిలోకి తీసుకుపోయి ఒక పాత ర్యాక్ చూపించాడు. పట్టీ కొట్టిన చోట నిలువు పలక పైనుంచి కిందికి చీలి ఉంది. చెక్క పొడవునా దాదాపు పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం వానకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. పది అంగుళాల టేకు పలక మే నుంచి ఆగస్టుకు అర సూతు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే వెడల్పవుతుంది. పట్టీ దాని మీద అడ్డంగా ఉంటుంది, పట్టీ పొడవు మాత్రం మారదు. పలక కదలాలని చూస్తే పట్టీ కదలనివ్వదు, చివరికి పలకే చీలుతుంది. గాడిలో దిగిన అర అయితే నిలువు పలకతో పాటే లోతు వైపు ఒకేలా ఉబ్బుతుంది. రెండూ కలిసే కదులుతాయి.

గీతల సంగతి. నిలువు పలకలు రెండూ పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెట్టి, కింది అంచులు ఒక కర్రకు ఆనించి, మూలమట్టంతో ఒకే గీత రెండింటి మీదుగా గీశాను. తాత దాన్ని గునియా అంటాడు. విడివిడిగా టేపుతో కొలిస్తే రెండు పలకల్లో ఎంతో కొంత తేడా రాక తప్పదు, అర పక్కకు వాలుతుంది. గాడి వెడల్పుకు టేపు అసలు వాడనివ్వలేదు. అడ్డ పలకనే నిలబెట్టి, దాని రెండు పక్కలా కత్తి మొనతో గీయించాడు. రందా పట్టిన పలకల మందం అన్నీ ఒకటి కాదు, వెంట్రుకవాసి తేడాలుంటాయి. అందుకే ప్రతి పలకకూ, అది దిగే గాడులకూ ఒకే అంకె వేశాను: కింది నుంచి 1, 2, 3, 4, 5.

కింది అర నేల నుంచి 3 అంగుళాల పైన. దాని మీద ఖాళీ 12 అంగుళాల 2 సూతులు, అట్లాసులకూ పెద్ద పుస్తకాలకూ. ఆ పైన 10, మిగతా రెండూ 9. పై పలక మీద నిలువు పలకలు ఒక అంగుళం లేచి ఉంటాయి.

గాడి తీయడం ఇట్లా: కత్తి గీతలోపల రంపంతో రెండు పక్కలా పావు అంగుళం లోతు కోయాలి, నడుమ చెక్కను ఉలితో లేపాలి. అడుగు సమంగా ఉందో లేదో చూడటానికి తాత ఒక చెక్క ముక్కకు మేకు కొట్టించి, మేకు మొన రెండు సూతులు బయటికి వచ్చేలా అరగదీయించాడు. ముక్కను పలక మీద ఆనించి గాడి పొడవునా జరిపితే, మేకు ఎక్కడ గీరుకుంటే అక్కడ ఎత్తు ఉన్నట్టు. నేను గాడి నడుమ వెంబడే జరిపాను. మూలల్లో జరపలేదు. ఇది తర్వాత మళ్లీ వస్తుంది.

పది గాడుల్లో ఒకటి వదులైంది. మూడో పలక కుడి గాడి. గీత మీదనే ఉలి పెట్టి కొట్టాను, గీత లోపల పెట్టాల్సింది. పలక దిగింది గానీ తలకిందులు చేస్తే జారిపడింది. తాత పరీక్ష ఇది: చేత్తో నొక్కితే దిగాలి, తిరగేస్తే పడొద్దు. రందా నుంచి వచ్చిన పలచని పొరను పలక చివర ఒక వైపు జిగురుతో అంటించి, ఆరాక దానిని సున్నితంగా గీకి సరిచేశాను. ఇప్పుడు ఆ పొర ఎక్కడుందో వెతికితే గానీ కనిపించదు.

మే 12

జిగురు లేకుండా మొదటిసారి కూర్చాం. నేలమీద రెండు ఎత్తు ముక్కలు వేసి, ఎడమ పలక పడుకోబెట్టి, ఐదు అరలూ గాడుల్లో నిలబెట్టి, పైన కుడి పలక పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా దించాను. ప్రతి దెబ్బకూ చప్పుడు మారుతుంది. పలక గాడి అడుగును తాకేదాకా డొల్లగా, తాకినాక గట్టిగా. తాత కళ్లు మూసుకుని వింటూ "నాలుగోది ఇంక దిగలే" అన్నాడు. నిజమే, నాలుగో పలక ముందువైపు కాగితం పట్టేంత సందు.

తర్వాత లేపి నిలబెట్టాం. చూడటానికి బాగుంది. నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది.

తాత టేపు ఇచ్చి మూలల నుంచి మూలలకు కొలవమన్నాడు. కింది ఎడమ నుంచి పై కుడికి 56 అంగుళాల 7 సూతులు. కింది కుడి నుంచి పై ఎడమకు 56 అంగుళాల 3 సూతులు. నాలుగు సూతుల తేడా. రెండూ సమానమైతేనే నాలుగు మూలలూ నిక్కచ్చిగా ఉన్నట్టు. 48కి 30 పెట్టె అయితే రెండూ 56 అంగుళాల 5 సూతుల దగ్గర ఉండాలి. మన కొలతలు దానికి అటు రెండు, ఇటు రెండు. మూలల తేడా అర అంగుళమైతే ర్యాక్ పై భాగం కుడికి సుమారు అర అంగుళం ఒరిగినట్టే. కంటికి కనిపించదు. వెనక ప్లైవుడ్ కొట్టేటప్పుడు కనిపిస్తుంది, గోడ పక్కన పెట్టినాక ఇంకా బాగా కనిపిస్తుంది.

నాకు తెలిసిన ఉపాయం చేశాను. పొడవున్న మూలలకు తాడు కట్టి, నడుమ కర్ర పెట్టి మెలి తిప్పాను. రెండు కొలతలూ 56 అంగుళాల 5 సూతులకు వచ్చాయి. వదిలితే మళ్లీ నాలుగు సూతుల తేడా.

"గుంజకు బిడ్డా. గుంజితె వస్తది, ఇడిస్తె పోతది. అండ్ల ఏందో తోస్తున్నది. అది దేవులాడు."

"జిగురు పెట్టి, తాడుతోనే బిగించి ఆరబెడితే నిలబడదా తాత?"

"నిలబడ్తది. జిగురు మీద బరువు పడ్డట్టే ఉంటది, ఎన్నేండ్లకైనా. అప్పుడు విప్పరాదు."

మే 13

దేవులాడే పద్ధతి చూపించాడు. అరలు ఒక్కొక్కటిగా తీసి, మిగతావాటితో కూర్చి, చేత్తో తోసి చూడాలి. ఏ పలక లేనప్పుడు ర్యాక్ సులువుగా నిటారుకు వచ్చి అక్కడే ఆగుతుందో, తప్పు ఆ పలకలో ఉన్నట్టు. ఐదో పలక తీశాను, తేడా పోలేదు. నాలుగు, మూడు, రెండు, అన్నీ తీసి పెట్టి చూశాను. ప్రతిసారి కుడి పలక మొత్తం విప్పాలి. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నర అయింది, షెడ్డు రేకులు అప్పటికే కాలుతున్నాయి. చివరికి కింది పలక, ఒకటో అంకెది. అది లేకుండా కూర్చి తోస్తే మెల్లగా నిటారుకు వచ్చింది, చేయి తీసినా అట్లాగే నిలబడింది. 56 అంగుళాల 5 సూతులు, రెండు వైపులా.

ఇప్పుడు ఆ పలకలో ఎక్కడ? తాత బోర్డు మీద రాసే సుద్దముక్క తెమ్మన్నాడు. పలక రెండు చివరి అంచులకూ సుద్ద బాగా రుద్ది, గాడిలో నొక్కి, తీసి చూడాలి. అడుగంతా సమంగా ఆనితే గాడి అడుగంతా తెల్లగా అంటుతుంది. ఎడమ గాడిలో సన్నని తెల్లని పట్టీ ఒకటే, అదీ కింది మూల వెంబడి. మిగతా అడుగు టేకు రంగులోనే ఉంది. కుడి గాడిలోనూ ఒకటే పట్టీ, కానీ పై మూల వెంబడి.

ఆ రెండు పట్టీల దగ్గర చెక్క పోస్టుకార్డు మందమంత ఎత్తు మిగిలి ఉంది. ముప్పావు అంగుళం మందం పలక చివర ఒక మూల అంత లేచి ఉంటే, ఆ పలక నిలువు పలకతో నిక్కచ్చి కోణం చేయదు. ఎడమవైపు కింద తోస్తున్నది, కుడివైపు పైన తోస్తున్నది. రెండూ కలిసి నిలువు పలకలను కుడికే వాల్చుతున్నాయి.

ఎందుకట్లా వచ్చిందో నాకు నేనే చెప్పుకోగలిగాను. గాడి తీసేటప్పుడు ఉలి కొద్దిగా నా వైపు వాలుతుంది, నా దగ్గరి మూల దాకా మొన చేరదు. ఎడమ పలక తీసేటప్పుడు దాని కింది అంచు నా వైపు ఉంది. కుడి పలకకు వచ్చేసరికి వెలుతురు కోసం దాన్ని తిప్పి పెట్టుకున్నాను, పై అంచు నా వైపు వచ్చింది. అందుకే మిగిలిన మూలలు ఎదురుబొదురుగా పడ్డాయి. మొదట తీసిన గాడులు అవే, అప్పుడు ఉలి పట్టు ఇంకా కుదరలేదు. తర్వాతి గాడుల్లో మూలలు కాస్త మెరుగు.

తాత ఏమీ అనలేదు. మేకు ముక్కను మూలల వెంబడి జరిపించాడు. గీరుకుంది.

మే 14

ఉలి నూరి, ఈసారి నిలువుగా పట్టుకుని, మూలల్లో మాత్రం పొర పొరగా గీకాను. సుత్తి లేదు, చేత్తోనే. రెండు పొరలు తీయడం, సుద్ద రుద్ది పలక దించడం, తీసి చూడటం. ఎడమ గాడికి నాలుగుసార్లు పట్టింది, కుడికి మూడు. చివరికి గాడి అడుగంతా పలచగా తెల్లబడింది. ఎక్కువ గీకితే అటు వైపు ఒరుగుతుంది కాబట్టి ప్రతి పొర తర్వాత ఆగాలి.

ఈ మధ్యలో ఒక్కసారి తాత లేచి వచ్చాడు. ఉలి నా చేతిలోనే ఉంచి, నా మణికట్టు పట్టుకుని కొద్దిగా అవతలికి వంచి వదిలాడు. ఆయన చేయి వణకడం నా చేతికి తెలిసింది, కానీ కోణం మాత్రం సరిగ్గా వచ్చింది. మళ్లీ పోయి కూర్చున్నాడు.

మళ్లీ మొత్తం కూర్చాం. 56 అంగుళాల 5 సూతులు, 56 అంగుళాల 5 సూతులు. చేయి తీసినా, పక్కనుంచి తట్టినా మారలేదు. మళ్లీ విప్పించాడు, ఇంకోసారి నన్నే ఒంటరిగా కూర్చమన్నాడు. రేపు జిగురుతో పది నిమిషాల్లో కావాలి, చేతులకు వరస తెలిసి ఉండాలని. మొదటిసారి పదిహేడు నిమిషాలు, రెండోసారి పదకొండు.

మే 15

పొద్దున ఐదున్నరకు మొదలు. తెల్ల జిగురు మే ఎండలో పైన పొర కట్టేస్తుంది. అట్లా పొర కట్టినాక పలక దించితే అతుకు గట్టిగా పట్టదు. గాడుల్లో సన్నని కుంచెతో పూశాను, పలక చివర్లకు పలచగా. గాడి నిండా పోస్తే పలక కిందకు దిగనివ్వదు, అడుగున నీళ్ల మాదిరి అడ్డం పడుతుందని తాత ముందే చెప్పాడు.

పెద్ద క్లాంపులు మాకు లేవు. ప్రతి అర దగ్గరా ర్యాక్ చుట్టూ కొబ్బరితాడు రెండు వరసలు చుట్టి, వరసల నడుమ కర్ర పెట్టి మెలి తిప్పాం, నులక మంచం తాడు గుంజి బిగించినట్టు. తాడు నిలువు పలక అంచులను మాత్రమే నొక్కుతుంది, నడుమ భాగం పట్టకుండా పోవచ్చు. అందుకు తాత నిన్ననే పది పట్టీలు చేయించాడు. ప్రతి పట్టీ నడుమ భాగం చివర్ల కన్నా ఒక కాగితం మందం ఉబ్బెత్తు. పట్టీని నిలువు పలక మీద గాడికి ఎదురుగా పెట్టి, తాడు దాని మీదుగా బిగిస్తే పట్టీ చివర్లు వంగి, నడుమ కూడా గట్టిగా నొక్కుకుంటుంది. పది అతుకుల్లోనూ సన్నని జిగురు ముత్యాలు వరసగా బయటికి వచ్చాయి. ముత్యాలు రాని చోట జిగురు చాలలేదన్నట్టు. వాటిని తడిగుడ్డతో తుడవలేదు. తుడిస్తే జిగురు నారలోకి ఇంకి, రంగు వేసేటప్పుడు మచ్చ పడుతుంది. సగం ఆరి రబ్బరులా అయినాక ఉలితో లేపేశాను.

కొలతలు జిగురు తడిగా ఉండగానే మళ్లీ: ఒక వైపు 56 అంగుళాల 5 సూతులు, రెండో వైపు అర సూతు ఎక్కువ. ఇంతకు తాడుతో మూలలు కొంచెం గుంజితే చాలు అన్నాడు తాత. ఇది లోపలి నుంచి తోసేది కాదు, తాళ్లు సమంగా బిగియకపోవడం. ఐదో తాడు కర్రను అర మెలిక వదిలితే సరిపోయింది, గుంజాల్సిన అవసరం కూడా రాలేదు.

తాళ్లు సాయంత్రం దాకా ఉంచాం. మీద బరువు వేయడం ఒక రోజు తర్వాత.

మే 17

వెనక ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్. మేకులు కొట్టే ముందు ప్లైవుడ్ ముక్క మూలలు కూడా కొలవాలి. అది వంకరగా ఉంటే నిటారుగా ఉన్న ర్యాక్‌ను అదే వంకరకు లాగుతుంది. మొదట ఒక నిలువు పలక వెంబడి మాత్రమే మేకులు కొట్టి, మళ్లీ కొలిచి, ఆ తర్వాత మిగతా మూడు వైపులా.

మేకులు కొట్టే ముందు తాత నన్ను పెన్సిల్ తెమ్మన్నాడు. కింది అర అడుగుభాగంలో, ఎవరూ చూడని చోట, ఆయన చేత్తోనే రాశాడు. అక్షరాలు వణికాయి. ఎడమ కింద, కుడి పైన, సరిచేసినది, తేదీ. ఎవరైనా ఎప్పుడైనా విప్పితే ఆ రెండు గాడుల్లో ఏం చేశామో వాళ్లకు తెలియాలన్నాడు.

జూలై 20

వానలు పడుతున్నాయి. ర్యాక్ నిండుగా పుస్తకాలు. ఒక్కో అర మీద సుమారు పాతిక కిలోలు ఉంటుందేమో, తాడు గుంజి పట్టి చూస్తే అర నడుమ దిగినట్టు కనిపించలేదు. నిలువు పలక లోతు మే నెలలో 10 అంగుళాలు, ఇప్పుడు 10 మీద అర సూతు. ఎక్కడా చీలిక లేదు, అరలు కూడా అంతే పెరిగి అంచులు కలిసే ఉన్నాయి. మూలల నుంచి మూలలకు కొలిచాను, రెండూ సమానం.

తాతకు చెబితే, "ఇగ స్టూలు చేద్దాం, మిగిలిన చెక్కతోని. నాలుగు కాళ్లూ వాలుగ ఉంటయ్. అండ్ల మూలలు కొలుసుడు వేరే తీరు" అన్నాడు.